నగ కొన్న రైతుకు ఎంత? కాగితం మీద కొన్న రైతుకు ఎంత? – సార్వా డబ్బుతో బంగారం కొనేముందు ఒక లెక్క

సంక్రాంతి వెళ్ళింది. సార్వా ధాన్యం డబ్బులు ఖాతాల్లో పడ్డాయి. మినుము పూతమీద ఉంది. మాఘమాసం ముహూర్తాలు దగ్గర పడుతున్నాయి. ఈ రోజుల్లో గవర్నర్‌పేటకు వెళ్ళి చూడండి, నగల కొట్ల ముందు చెప్పులు విడిచిన వాళ్ళలో సగం మంది మన డెల్టా పల్లెల వాళ్ళే. పామర్రు నుంచి, మొవ్వ నుంచి, కంకిపాడు నుంచి పొద్దున బస్సెక్కి వచ్చి, మధ్యాహ్నానికి ఎర్ర పర్సుతో తిరిగి వెళతారు.

మొన్న అలాగే ఒక కౌలు రైతు కనిపించాడు. సొంతం ఎకరంన్నర, కౌలు మూడెకరాలు. పదేళ్ళ కూతురుంది. "దాని పెళ్ళికి ఇప్పటి నుంచే తలా కాసూ కూడబెడుతున్నానండీ" అంటూ బిల్లు చూపించాడు. హారం కొన్నాడు. బిల్లు మడత విప్పి చదివితే ఆయనకు తెలియని మూడు గీతలు అందులో ఉన్నాయి. "ఇవన్నీ మామూలేనంటండీ" అన్నాడు. మామూలే. కానీ ఆ మామూలు విలువెంతో ఆయన ఎప్పుడూ కూడి చూసుకోలేదు. మనలో చాలామందిమి చూసుకోం. అంచేత ఈ వారం ఆ బిల్లే ముందు పెట్టుకుని కూర్చుందాం.

బంగారం రేటు రోజుకో మాట. లెక్క తేలిగ్గా ఉండాలని 22 క్యారట్లు గ్రాము సరిగ్గా 10,000 రూపాయలు అనుకోండి. మీరు కొనే రోజు రేటు పెట్టి మళ్ళీ వేసుకోండి, దామాషా మారదు. మూడు కాసుల హారం, అంటే 24 గ్రాములు. బంగారం విలువ 2,40,000. దాని కింద తరుగు, మజూరీ కలిపి నూటికి 14 అని వేశారు. అది 33,600. సాదా గాజులకు ఇంతకన్నా తక్కువ పడుతుంది, నకాషీ పనికీ రాళ్ళ పనికీ 20 దాటుతుంది. ఈ రెండూ కూడితే 2,73,600. దాని మీద 3 శాతం జీఎస్టీ 8,208. మొత్తం 2,81,808 రూపాయలు చెల్లించి బయటికి వచ్చారు.

ఇప్పుడు అదే హారం, అదే రేటుకు, మర్నాడే అమ్మాల్సి వచ్చిందనుకోండి. కొట్టువాడు మజూరీ తిరిగి ఇవ్వడు. జీఎస్టీ తిరిగి రాదు. బంగారం తూకం మీద 2,40,000 కట్టి, కరిగింపు కింద నూటికి రెండు తీస్తే చేతికి వచ్చేది 2,35,200. ఒక్క రాత్రిలో 46,608 రూపాయలు పోయాయి. అంటే పెట్టిన ప్రతి వంద రూపాయల్లో పదహారున్నర. బంగారం గ్రాముకు దాదాపు 2,000 రూపాయలు పెరిగితే గానీ మీరు పెట్టింది మీకు రాదు. అందరూ "బంగారం పెరిగింది" అని సంబరపడుతున్నప్పుడు, మీ హారం ఇంకా అసలు దగ్గరికే చేరుకుంటూ ఉంటుంది.

ఇది కొట్టువాడి మోసం కాదు. కంసాలి పని చేశాడు, దానికి కూలి తీసుకున్నాడు. నగను నగగా వేసుకుంటే ఆ కూలి దండగ కాదు. కూతురు మెడలో పదేళ్ళు కనిపించే వస్తువది. చిక్కల్లా ఎక్కడంటే, ఆ రైతు ఆ హారాన్ని వేయడానికి కొనలేదు. బీరువాలో పెట్టి పదేళ్ళ తర్వాత తీయడానికి కొన్నాడు. అప్పటికి ఆ పిల్లకు ఇరవై ఏళ్ళొస్తాయి, ఈ మోడలు పాతదైపోతుంది. కరిగించి మళ్ళీ కొత్తది చేయిస్తారు. మజూరీ రెండోసారి ఇస్తారు. మధ్యలో కరిగింపు తరుగు వేరే. పెళ్ళి కోసం ముందుగా నగ కొని దాచే ఇళ్ళలో జరిగేది ఎక్కువగా ఇదే.

మా ఇంట్లోనే జరిగింది. పేరెందుకు గానీ, ఒక ఊళ్ళో ఒక కొట్లో కొన్న రాళ్ళ నెక్లెసు పన్నెండేళ్ళ తర్వాత మార్చబోతే రాళ్ళ బరువు పోను, లోపల పోసిన లక్క బరువు పోను, బిల్లులో రాసిన తూకానికి నాలుగు గ్రాములు తక్కువ తేలింది. కొన్నప్పుడు రాళ్ళను కూడా బంగారం తూకంలోనే కొన్నామన్నమాట. అప్పటి బిల్లులో నికర బంగారం బరువు విడిగా రాయలేదు, మేమూ అడగలేదు. మీరు అడగండి. మొత్తం బరువు, రాళ్ళ బరువు, నికర బంగారం బరువు మూడూ విడివిడిగా బిల్లులో రాయించుకోండి.

ఇక నాణ్యం సంగతి. 2023 ఏప్రిల్ 1 నుంచి దుకాణంలో అమ్మే హాల్‌మార్కు నగ మీద మూడు గుర్తులు ఉండాలి. బీఐఎస్ త్రికోణం గుర్తు, 22 క్యారట్లు అని తెలిపే 22K916, అక్షరాలూ అంకెలూ కలిసిన ఆరు స్థానాల సంఖ్య. ఈ ఆరు స్థానాల సంఖ్య ఏ నగకు ఆ నగకే ప్రత్యేకం. ఇంట్లో చదువుకునే పిల్లలుంటే ఫోనులో BIS Care అనే యాప్‌లో ఆ సంఖ్య కొట్టమనండి, ఆ నగ ఏమిటో, ఎంత నాణ్యమో, ఎవరు పరీక్షించారో కనిపిస్తుంది. మచిలీపట్నం పక్కన చిలకలపూడి రోల్డుగోల్డు నగలు చూసిన జిల్లా మనది, పైకి మెరుపు చూసి బంగారం పోల్చలేమని మనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

నగ సంగతి ఇది. మరి కాగితం మీద బంగారం అంటే ఏమిటి?

ముందు ప్రభుత్వ బాండ్ల సంగతి చెప్పుకుందాం. బంగారం బాండ్లు అనగానే పెద్దవాళ్ళు కొందరు ఉలిక్కిపడతారు. 1962లో, 1965లో యుద్ధాల రోజుల్లో ప్రభుత్వం జనం దగ్గర బంగారమే తీసుకుని బాండ్లు ఇచ్చింది, ఆ జ్ఞాపకం అది. 2015 నవంబరులో మొదలైనవి వేరు. వీటిలో మనం బంగారం ఇవ్వం, డబ్బిస్తాం. ఇన్ని గ్రాముల బంగారానికి సమానం అని రాసిన పత్రం వస్తుంది. ఎనిమిదేళ్ళకు ఆనాటి బంగారం రేటు ప్రకారం డబ్బు ఇస్తారు. ఈలోగా పెట్టిన సొమ్ము మీద ఏటా వడ్డీ, ఆరు నెలలకోసారి. కనీసం ఒక గ్రాము కొన్నా చాలు.

మొదటి విడత లెక్క పూర్తయింది కాబట్టి ఊహలక్కర్లేదు, జరిగిందే చూద్దాం. 2015 నవంబరులో గ్రాము ధర 2,684 రూపాయలు. ఒక రైతు అయిదు కాసులు, అంటే 40 గ్రాములు కొన్నాడనుకోండి. 1,07,360 రూపాయలు పెట్టాడు. ఆ విడతకు వడ్డీ ఏడాదికి 2.75 శాతం, అంటే 2,952 రూపాయలు. ఎనిమిదేళ్ళకు దాదాపు 23,600. 2023 నవంబరు 30న ప్రభుత్వం గ్రాముకు 6,132 చొప్పున తిరిగి ఇచ్చింది. 40 గ్రాములకు 2,45,280. వడ్డీతో కలిపి 2 లక్షల 69 వేలకు వంద రూపాయలు తక్కువ.

అదే రోజు అదే 1,07,360 రూపాయలతో పక్కింటి రైతు నగ కొన్నాడనుకోండి. బాండు ధర మేలిమి బంగారానిది. ఆ లెక్కన 22 క్యారట్లు గ్రాము 2,458 పడుతుంది. నూటికి 14 తరుగు, మజూరీ కలిపితే 2,800 దాటుతుంది. అప్పటి పన్ను వదిలేసినా 38 గ్రాముల పైచిలుకు నగ మాత్రమే వస్తుంది. 2023 నవంబరులో 22 క్యారట్లు 5,617 చొప్పున అమ్మి, నూటికి రెండు తీసేస్తే 2 లక్షల 11 వేలు. ఇద్దరూ పెట్టింది ఒకటే, కొన్నది ఒకే రోజు, తీసింది ఒకే రోజు. తేడా సుమారు 58 వేలు. కొన్ననాటి పెట్టుబడిలో సగం కన్నా ఎక్కువ.

ఆశ పుట్టిందా? కాస్త ఆగండి. ఆ బాండ్లు ఇప్పుడు కొత్తగా లేవు. ఆఖరి విడత 2024 ఫిబ్రవరిలో, గ్రాము 6,263 చొప్పున ఇచ్చారు. ఆ తరువాత ప్రభుత్వం కొత్త విడత తేలేదు. బంగారం రేటు ఇంతలా ఎక్కడంతో ఆ రేటుకు తిరిగి చెల్లించడం ఖజానాకు బరువైంది. మనకు లాభమైందే వాళ్ళకు భారం. అందుచేత "బాబాయ్, గవర్నమెంటు బాండ్లు ఇప్పిస్తాను, డబ్బు కట్టండి" అని ఎవరైనా ఊళ్ళోకి వస్తే నమ్మకండి.

పాత బాండ్లు షేర్ మార్కెట్‌లో చేతులు మారుతుంటాయి. అవి కొనాలంటే డీమ్యాట్ ఖాతా కావాలి. అమ్మేవాళ్ళు తక్కువ, ధర ఒక్కోసారి బంగారం విలువకన్నా పైకి పోతుంది. పైగా గడువు తీరాక వచ్చే లాభం మీద పన్ను లేకపోవడమనే మేలు, 2026 బడ్జెట్ మార్పు ప్రకారం ఆ ఏడాది ఏప్రిల్ నుంచి, మొదట ప్రభుత్వం ఇచ్చినప్పుడే కొని చివరిదాకా ఉంచుకున్న వాళ్ళకే. మధ్యలో బజారులో కొన్నవాళ్ళకు లేదు. చిన్న రైతు ఆ గొడవలోకి పోకపోవడమే మంచిదని నా ఉద్దేశం.

బాండ్లు పోగా ఇవాళ మిగిలినవి బంగారం ఫండ్లు. మన దేశంలో ఇవి 2007లో మొదలయ్యాయి. ధాన్యం గోడౌన్‌లో పెట్టి రసీదు తెచ్చుకోవడం మనకు తెలిసిందే కదా, ఇదీ ఇంచుమించు అంతే. ఫండు కంపెనీ పదిమంది డబ్బు పోగుచేసి మేలిమి బంగారం కడ్డీలు కొంటుంది. వాటిని వేరే సంస్థ దగ్గర భద్రంగా ఉంచుతుంది. మనకు యూనిట్లు రాసి ఇస్తుంది. బంగారం రేటు పెరిగితే యూనిటు విలువ పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. దీని మీద సెబీ అజమాయిషీ ఉంది.

వీటిలో రెండు రకాలు. షేర్ల మాదిరిగా బజారులో కొనే ఈటీఎఫ్ ఒకటి, దానికి డీమ్యాట్ ఖాతా తప్పనిసరి. రెండోది మామూలు గోల్డ్ ఫండు, ఆ కంపెనీ మన డబ్బు తీసుకెళ్ళి ఈటీఎఫ్‌లోనే పెడుతుంది. దీనికి డీమ్యాట్ అక్కర్లేదు. పాన్ కార్డు, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ ఉంటే చాలు. బ్యాంకులోనో, ఫండు కంపెనీ ఆఫీసులోనో ఫారం నింపి చేరవచ్చు. రైతుకు ఈ రెండోదే సులువు.

మరి దీనిలో తరుగు లేదా అంటే, ఉంది. రకం వేరు. ఇక్కడ మజూరీ లేదు, ప్రతి ఏటా నిర్వహణ ఖర్చు కొంచెం కొంచెం కోసుకుంటారు. ఫండును బట్టి నూటికి అర్ధ రూపాయి నుంచి రూపాయి లోపు అనుకోండి. నూటికి ముప్పావు చొప్పున వేసుకున్నా, హారంలో ఒక్క రోజులో పోయిన పదహారున్నర ఇక్కడ పోవడానికి ఇరవై ఏళ్ళు దాటుతుంది. కొన్ని ఫండ్లలో కొద్ది రోజుల్లోనే తీసేస్తే నూటికి ఒకటి దాకా పట్టుకుంటారు. "ఎన్నాళ్ళలోపు తీస్తే కోత?" అని చేరేముందే అడగాలి. "డైరెక్ట్" అని, "రెగ్యులర్" అని ఫారంలో రెండు గడులు ఉంటాయి. రెగ్యులర్‌లో ఏజెంటు కమీషను మన ఖర్చులోనే కలిసి ఉంటుంది. ఫారం నింపడానికి, డబ్బు తీయడానికి మీకు మనిషి సాయం కావాలంటే ఆ కమీషను దండగేమీ కాదు. ఇంట్లో తెలిసినవాళ్ళుంటే డైరెక్ట్ తీసుకోవాలి.

ఒక జాగ్రత్త. ఫోనులో "పది రూపాయలకే డిజిటల్ గోల్డ్" అని ప్రకటనలు వస్తున్నాయి. అది గోల్డ్ ఫండు కాదు. పేరు దగ్గరగా ఉంటుంది గానీ దాని మీద సెబీ అదుపు లేదు. ఆ మాట సెబీయే 2025 నవంబరులో ప్రకటన చేసి హెచ్చరించింది.

ఇంతదాకా చదివిన వాళ్ళు "అయితే నగలన్నీ మార్చి ఫండులో వేద్దామా" అనుకోవచ్చు. వద్దు. అసలు విషయం ఇక్కడుంది, రైతు బంగారానికీ పట్నం ఉద్యోగి బంగారానికీ తేడా కూడా ఇక్కడే.

జూన్‌లో కాలవకు నీళ్ళు వదిలాక ఏం జరుగుతుందో మీకు తెలుసు. దమ్ముకు, విత్తనానికి, ఎరువుకు, నాట్ల కూలికి డబ్బు ఒక్కసారి కావాలి. అప్పుడు ఇంటావిడ గాజులు తీసి ఇస్తుంది. బ్యాంకుకు వెళితే అప్రయిజరు గీటు పెట్టి చూస్తాడు, సాయంత్రానికి డబ్బు ఖాతాలో పడుతుంది. ముఖ్యంగా కౌలు రైతుకు భూమి పాసు పుస్తకం తన పేరున ఉండదు. ఆయనకు బ్యాంకు తలుపు తీసే తాళం చెవి ఆ గాజులే.

గోల్డ్ ఫండు యూనిట్లు ఆ పని చేయవు. 2025 జూన్‌లో రిజర్వు బ్యాంకు బంగారం అప్పుల మీద కొత్త ఆదేశాలిచ్చింది. 2026 ఏప్రిల్ 1 నాటికి అందరూ వాటిని పాటించాలి. వాటి ప్రకారం బ్యాంకులు నగల మీద, నాణేల మీద అప్పు ఇవ్వవచ్చు. బంగారం కడ్డీలు, బిస్కెట్ల మీద ఇవ్వకూడదు. ఈటీఎఫ్, గోల్డ్ ఫండు యూనిట్ల మీద కూడా ఇవ్వకూడదు. "మజూరీ లేదు కదా, బిస్కెట్ కొందాం" అనుకునేవాళ్ళు ఈ మాట గుర్తు పెట్టుకోవాలి. బిస్కెట్‌కు మజూరీ మిగులుతుంది, జీఎస్టీ తప్పదు, అవసరానికి బ్యాంకు గడప దాటదు.

ప్రభుత్వ బాండును తాకట్టు పెట్టుకోవచ్చని నిబంధన ఉంది. కానీ అప్పు ఇవ్వాలా వద్దా అనేది బ్యాంకు ఇష్టం. మండల కేంద్రం బ్రాంచిలో జూన్ రద్దీలో బాండు కాగితం పట్టుకుని నిలబడితే గాజులంత తొందరగా పని జరుగుతుందని నేను హామీ ఇవ్వలేను.

"ఫండు యూనిట్లు అమ్మేస్తే రెండు మూడు పని దినాల్లో డబ్బు వస్తుంది కదా, తాకట్టు దేనికి?" అని ఒక కుర్రాడు అడిగాడు. మంచి ప్రశ్న. డబ్బు వస్తుంది, నిజమే. అయితే తాకట్టు పెట్టిన గాజు ధాన్యం అమ్మాక తిరిగి ఇంటికి వస్తుంది. అమ్మిన యూనిట్లు తిరిగి రావు. రేటు పడి ఉన్న రోజున అమ్మితే నష్టానికే అమ్మాలి. బంగారం ఎప్పుడూ పెరుగుతుందనే మాట కూడా నిజం కాదు. 2013 ఆగస్టులో గ్రాము మూడు వేలు దాటింది, రెండేళ్ళ తర్వాత బాండు వచ్చేనాటికి 2,684. మళ్ళీ ఆ మెట్టు ఎక్కి నిలబడడానికి 2019 దాకా పట్టింది. 2020 ఆగస్టులో 5,334 చొప్పున బాండు కొన్నవాళ్ళు, ఏడు నెలలు తిరక్కుండానే 2021 మార్చిలో అదే బాండు 4,662కు ఇస్తుంటే చూశారు. వచ్చే సార్వా పెట్టుబడి డబ్బును బంగారంలో, నగైనా ఫండైనా, పెట్టకూడదనేది అందుకే.

కాబట్టి ఇంట్లో బంగారాన్ని రెండు కుప్పలుగా చూడాలి. ఏటా తాకట్టుకు పోయే కుప్ప ఒకటి. ఇది నగగానే ఉండాలి. దీనికి పనితనం తక్కువ ఉన్నవే కొనాలి. రాళ్ళు లేని గాజులు, గట్టి గొలుసు, హాల్‌మార్కు ఉన్నవి. బ్యాంకు రాళ్ళకు విలువ కట్టదు, నకాషీకి కట్టదు, నికర బంగారానికే కడుతుంది. ఎంత కావాలంటే, మీరు వేసే ఎకరాలకు ఏటా ఎంత అప్పు పడుతుందో అంత అప్పు పుట్టేటంత. అంతకు మించి బీరువాలో పేరుకున్నది రెండో కుప్ప. పదేళ్ళ తర్వాత పెళ్ళికనో, చదువుకనో, ఇంటికనో అనుకున్నది. ఆ పదేళ్ళూ నగ రూపంలో ఉండాల్సిన పని లేదు. అది ఫండులో ఉండవచ్చు.

పెళ్ళికి చివరకు నగే చేయించాలి కదా, అప్పుడైనా మజూరీ తప్పదు కదా అంటారు. తప్పదు. కానీ ఒక్కసారే ఇస్తారు. పిల్ల ఇష్టపడ్డ మోడలుకు, ఆ రోజున ఇస్తారు. పెళ్ళి అయిదారు నెలల్లోనే ఉంటే ఇంక ఫండు మాట ఎత్తకండి, నగ చేయించుకోండి.

ఇప్పటికే ఉన్న నగల్ని అమ్మి ఫండులో వేయడం కూడా తెలివైన పని కాదు. వాటి మజూరీ ఎప్పుడో పోయింది. ఇప్పుడు అమ్మితే కరిగింపు కోత ఇంకోసారి పడుతుంది, లాభం మీద పన్ను మాట కూడా రావచ్చు. ఉన్నవి ఉండనివ్వండి. కొత్తగా పెట్టే డబ్బుకే ఈ ఆలోచన.

ఫండులో నెలనెలా 500 కట్టే పద్ధతి ఉంది. అది జీతగాళ్ళకు బాగుంటుంది. మనకు నెలనెలా రాబడి ఎక్కడిది? ఖాతాలో డబ్బు లేని నెల వాయిదా తిరిగిపోతే బ్యాంకు జరిమానా వేస్తుంది. ధాన్యం డబ్బు వచ్చినప్పుడొకసారి, మినుములు అమ్మినప్పుడొకసారి చేతనైనంత వేసుకోవడం మన పద్ధతికి సరిపోతుంది. రేటు ఎక్కువున్నప్పుడే అంతా కొనేశామన్న దిగులు కూడా ఉండదు.

ఇక్కడ ఆడవాళ్ళ సంగతి ఒకటి చెప్పాలి. గాజులు ఇంటావిడ చేతికి ఉన్నంతకాలం అవి ఆమెవి. ఆమె తీసి ఇస్తేనే బ్యాంకుకు వెళతాయి. అదే డబ్బు ఫండుగా మారి మగవాడి పేరున, మగవాడి ఫోనులో ఉంటే, ఆమెకు తెలియకుండా కరిగిపోవచ్చు. నేను మాట్లాడిన ఒక అమ్మ ఈ మాటే అంది, "నా చేతికున్నది నాకు కనిపిస్తుందయ్యా, ఆ కాగితం కనిపించదు." ఆమె మాటలో న్యాయముంది. దానికి మార్గం కూడా ఉంది. ఆమెకు పాన్ కార్డు తీయించి, ఆమె పేరునే, ఆమె బ్యాంకు ఖాతాతో ఫండులో చేరాలి. నామినీ గడి ఖాళీగా వదలకూడదు. ఫోలియో నంబరు ఉన్న కాగితం పాస్‌బుక్కుల సంచీలోనే పెట్టాలి. కాగితం ఎక్కడుందో ఇంట్లో ఇద్దరికి తెలియాలి.

ఆ కౌలు రైతుతో ఈ లెక్కంతా గవర్నర్‌పేట బస్టాపు దగ్గర టీ బడ్డీ మీద వేశాం. ఆయన ఇంట్లో అంతకుముందే నాలుగు కాసుల సాదా గాజులున్నాయి. ఏటా బ్యాంకులో పెట్టి తెచ్చుకునేవి అవే, అవి సరిపోతున్నాయి. హారం తిరిగి ఇచ్చేద్దామా అని అడిగాడు. మజూరీ, పన్ను పోతాయి కాబట్టి వద్దన్నాను. పండగలకు పిల్ల మెడలో వేయమన్నాను. మినుముల డబ్బు వచ్చినప్పుడు మాత్రం భార్యను వెంట తీసుకుని, ముందు ఆమెకు పాన్ కార్డుకు దరఖాస్తు పెట్టిస్తానన్నాడు.

చివరిగా, 2015 నుంచి 2024 మధ్య ప్రభుత్వ బాండ్లు కొన్నవాళ్ళు మన జిల్లాలోనూ ఉన్నారు. వాళ్ళకు రెండు మాటలు. ఎనిమిదేళ్ళు ఆగలేని అవసరం వస్తే అయిదేళ్ళు నిండాక వడ్డీ పడే తేదీల్లో ముందుగానే తీసుకోవచ్చు. ఆ తేదీకి నెల రోజుల ముందే కొన్న బ్యాంకుకో, పోస్టాఫీసుకో వెళ్ళి కాగితం ఇవ్వాలి. గడువు దాకా ఆగగలిగితే ఆగడమే లాభం, పన్ను మేలు చివరిదాకా ఉంచిన వాళ్ళకే కాబట్టి.

రెండోది, 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసింది. బందరులో పుట్టిన ఆ బ్యాంకులో ఖాతా పెట్టుకుని బాండ్లు కొన్నవాళ్ళు మన దగ్గర చాలామందే ఉంటారు. కలిసిన తరువాత ఐఎఫ్ఎస్‌సి కోడ్ మారింది. బాండు రికార్డులో పాత కోడే ఉండిపోతే వడ్డీ గానీ అసలు గానీ ఖాతాలో పడక ఆగిపోతుంది. ఆర్నెల్ల వడ్డీ సరిగా పడుతోందో లేదో పాస్‌బుక్కు ప్రింటు వేయించి చూసుకోండి. పడకపోతే బాండు సర్టిఫికెట్టు, కొత్త పాస్‌బుక్కు జిరాక్సు తీసుకుని బ్రాంచికి వెళ్ళి ఖాతా వివరాలు మార్పించుకోండి. 2018లో కొన్నవాళ్ళకు గడువు 2026లోనే తీరుతుంది.